వాపసు వచ్చే పత్తి విత్తన ప్యాకెట్లు: కొత్త మనిషి ఒంటరిగా చేయగలిగేలా గోదాం పనివిధానం రాయడం ఎలా?

జూలై నడుమకల్లా పత్తి విత్తడం దాదాపు ముగుస్తుంది. ఆ తర్వాత పదిహేను ఇరవై రోజులకు మహబూబ్‌నగర్ శివారులోని మా గోదాంకు రెండో సీజన్ మొదలవుతుంది. కల్వకుర్తి, అచ్చంపేట, దేవరకొండ, గద్వాల దుకాణాల్లో అమ్ముడుపోని విత్తన ప్యాకెట్లు ఆటోల్లో, డీసీఎం వ్యాన్లలో తిరిగి వస్తాయి. అమ్మకాల రోజుల్లో పనిచేసిన వారిలో సగం మంది అప్పటికి వేరే పని చూసుకుని వెళ్లిపోయి ఉంటారు. వాపసు సరుకు దింపించేది, లెక్కపెట్టేది, వేరుచేసేది చాలావరకు కొత్తగా చేరిన పిల్లలే. వాళ్ల చేతిలో పెట్టే పనివిధాన పత్రాన్ని నేను మూడు సీజన్లలో మూడుసార్లు తిరగరాశాను. మూడోసారి రాసిందే నిలబడింది. అది ఎలా రాశానో ఇక్కడ చెబుతున్నాను.

మొదటి పత్రం ఎనిమిది పేజీలు. అందులో "సరుకును క్షుణ్ణంగా పరిశీలించవలెను", "దెబ్బతిన్న ప్యాకెట్లను వేరుచేయవలెను" అని రాశాను. చదివినవాళ్లందరూ తలాడించారు. కానీ క్షుణ్ణంగా అంటే దేనిని చూడాలో, ఎంత చినిగితే దెబ్బతిన్నట్టో ఆ ఎనిమిది పేజీల్లో ఎక్కడా లేదు. అనుభవం ఉన్నవాడికి ఆ కాగితం అవసరం లేదు, లేనివాడికి అది పనికిరాలేదు. మంచి పత్రమంటే పాత మనిషి కంట్లో, ముక్కులో, వేళ్లలో ఉన్న తీర్పును కాగితం మీదికి తెచ్చేది. తేలేని చోట "ఇక్కడ ఆగు" అని స్పష్టంగా చెప్పేది.

ముందు హద్దు గీయండి

పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మొదటి రెండు వాక్యాల్లోనే ఉండాలి. మా పత్రంలో ఇలా ఉంది: "వాపసు బండి గేటు దగ్గర ఆగగానే ఈ పని మొదలవుతుంది. ప్రతి ప్యాకెట్టూ నాలుగు ప్యాలెట్లలో ఒకదాని మీదికి చేరి, డీలర్ మనిషి చేతికి రసీదు అందితే ముగుస్తుంది."

అంటే డబ్బు జమ చేయడం, మొలక పరీక్ష, ప్లాంటుకు తిరిగి పంపడం ఇందులోకి రావు. ఇలా హద్దు గీయడానికి బలమైన కారణం ఉంది. సరుకు దించుతుండగానే డీలర్ పంపిన మనిషి కొత్త కుర్రాణ్ని అడుగుతాడు: "తమ్ముడూ, మా సేఠ్‌కు ఎంత జమ రాస్తున్నావు?" ఏదో ఒకటి చెప్పాలనుకుని వీడు చెబుతాడు. ఆ మాట పట్టుకుని నెల తర్వాత ఆఫీసుకు ఫోన్లు వస్తాయి. అందుకే పలకవలసిన మాట కూడా పత్రంలోనే రాశాం: "అన్నా, నేను ఇచ్చేది ప్యాకెట్ల లెక్క రసీదు మాత్రమే. జమ సంగతి ఆఫీసు వాళ్లు చెబుతారు." ఈ వాక్యం చేర్చాక గేటు దగ్గర వాదులాటలు బాగా తగ్గాయి.

రాసే ముందు రెండు రోజులు నిలబడి చూడండి

ఆఫీసులో కూర్చుని రాస్తే పని జరగాల్సిన తీరు వస్తుంది, జరుగుతున్న తీరు రాదు. రెండోసారి రాసేటప్పుడు మా గోదాంలో పన్నెండు సీజన్లుగా ఉన్న పెద్దాయన పక్కన రెండు రోజులు నోట్‌బుక్కు పట్టుకుని నిలబడ్డాను. ఆయన చేతులు చేసే ప్రతి పనినీ రాసుకున్నాను. ఆయన నోటితో చెప్పింది మాత్రం వేరే పేజీలో రాసుకున్నాను. ఆ రెండు పేజీలూ కలవని చోటే పత్రానికి కావలసిన అసలు సరుకు దొరికింది.

అట్టపెట్టె టేపు కోసి మూత తెరిచిన వెంటనే ఆయన ఒక్క క్షణం ముఖం ముందుకు వంచుతాడు. ఆ తర్వాతే ప్యాకెట్లు తీస్తాడు. రెండు రోజుల్లో ముప్పైకి పైగా పెట్టెలు తెరిచాడు, ప్రతిసారీ అంతే. ఏం చేస్తున్నారని అడిగితే మొదట "ఏమీ లేదు" అన్నాడు. మళ్లీ అడిగితే, "కలుపు మందు వాసన వస్తుందేమో చూస్తాను. వస్తే ఆ పెట్టెను మంచివాటిలో కలపను" అన్నాడు.

ఆ మాట విలువ నాకు బాగా తెలుసు. అంతకు ముందు సీజన్‌లో ఒక దుకాణం నుంచి వచ్చిన పెట్టెలను కొత్త మనిషి మంచి కుప్పలో కలిపాడు. సీలు బాగుంది, తేదీ బాగుంది, తూకం బాగుంది. ల్యాబులో మొలక శాతం పడిపోయింది. వెనక్కి వెళ్లి విచారిస్తే ఆ పెట్టెలను దుకాణంలో 2,4-డి అనే కలుపు మందు డబ్బాల పక్కన పేర్చారని తెలిసింది. పత్తికి 2,4-డి అంటే అస్సలు పడదు. పక్క చేలో కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చినా పత్తి ఆకు ముడుచుకుపోతుందని మన రైతులందరికీ తెలుసు. మొలక పోవడానికి అదొక్కటే కారణమని నేను నిరూపించలేను. తడి కూడా తోడై ఉండవచ్చు. కానీ వాసన వచ్చే పెట్టెను విడిగా ఉంచి ఉంటే మిగతా సరుకంతా మళ్లీ పరీక్షించవలసి వచ్చేది కాదు. నా మొదటి పత్రంలో వాసన అనే మాటే లేదు.

చూసేటప్పుడు ఇంకో సంగతి గమనించండి. పాత మనిషి ఎక్కడ తడుముకుంటాడు, ఎక్కడ మరొకరిని పిలుస్తాడు? ఆయనే ఆగిన చోట కొత్తవాడు తప్పకుండా ఆగాలి. ఆ చోట్లను నోట్‌బుక్కులో గుండ్రంగా గీత గీసి పెట్టుకోండి. పత్రంలో వాటికి వేరే భాగం రాయాలి.

ఒక్కో మెట్టు రాసే తీరు

ప్రతి మెట్టులోనూ మూడు సంగతులు ఉండాలి: చేయవలసిన ఒక్క పని, ఏ వస్తువుతో చేయాలి, అయిపోయిందని ఎలా తెలుస్తుంది. మూడోదాన్ని అందరూ వదిలేస్తారు. "ప్యాకెట్లు లెక్కించాలి" అంటే కొత్తవాడు ఒకసారి లెక్కపెట్టి వచ్చిన అంకె వేసేస్తాడు. మా పత్రంలో గేటు నుంచి లెక్క దాకా భాగం ఇలా ఉంది:

1. బండిలోంచి ఒక్క పెట్టె కూడా దించకముందు డీలర్ వాపసు చలానా తీసుకో. చలానా లేకపోతే దించవద్దు, సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయి.
2. చలానా మీద డీలర్ లైసెన్సు నంబరు, రకం పేరు, లాట్ నంబరు, ప్యాకెట్ల సంఖ్య నాలుగూ ఉన్నాయో లేదో చూసి, ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టు. నాలుగు టిక్కులు పడితేనే దించమని హమాలీలకు చెప్పు.
3. పెట్టెలను చెక్క ప్యాలెట్ మీదే దింపించు. నేల మీద, గోడకు ఆనించి పెట్టనివ్వకు. గోడకూ పెట్టెకూ మధ్య నీ మోచేయంత ఖాళీ ఉండాలి.
4. చేతి తొడుగులు, మాస్కు వేసుకో. అవి లేకుండా పెట్టె తెరవకు.
5. పెట్టె తెరిచి, ప్యాకెట్లు తీయకముందు వాసన గమనించు. ముక్కు లోపల పెట్టకు. మూత తెరిచి నిలబడితే చాలు. మందు వాసన, కిరోసిన్ వాసన, బూజు వాసన ఏది వచ్చినా మూత మూసి పసుపు చీటీ అంటించు.
6. ప్యాకెట్లను బల్ల మీద పదేసి వరుసలుగా పేర్చు. లెక్కపెట్టి అంకె నీ కాగితం మీద రాయి. ఇప్పుడు డీలర్ మనిషిని లెక్కపెట్టమను. ఇద్దరి అంకెలూ ఒకటే అయితే ఈ మెట్టు పూర్తయింది. తేడా వస్తే ఇద్దరూ కలిసి మళ్లీ లెక్కపెట్టండి.

ఐదో మెట్టులో "ముక్కు లోపల పెట్టకు" అని ఎందుకు రాయవలసి వచ్చిందంటే, ఈ విత్తనాలకు పురుగు మందు పట్టించి ఉంటుంది. గింజకు రంగు పూసేది అందుకే. ప్యాకెట్ మీద విషం గుర్తు కూడా ఉంటుంది. వాసన చూడమని మనం చెబుతున్నాం కాబట్టి ఎంత దూరం నుంచి చూడాలో కూడా మనమే చెప్పాలి.

"నీవు" అని సంబోధించి రాయడం మీద మా ఆఫీసులో కొంత చర్చ జరిగింది. "చేయవలెను", "జరుపబడును" అని రాస్తే ఎవరు చేయాలో తెలియదు. హమాలీ చేస్తాడని కుర్రాడు, కుర్రాడు చేస్తాడని హమాలీ అనుకుంటారు. ఎవరు చేయాలో వాక్యంలోనే కనబడాలి. మర్యాదగా "మీరు" అని రాసినా ఇబ్బంది లేదు, కానీ క్రియ సూటిగా ఉండాలి.

నాలుగు ప్యాలెట్లు, నాలుగు రంగుల చీటీలు

పత్రం మొత్తంలో ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. వాపసు సరుకును వేరుచేయడమంటే తీర్పు చెప్పడం. ఆ తీర్పును కొత్తవాడి చేత చెప్పించాలంటే "బాగుంది, బాగాలేదు" అనే మాటలు తీసేసి, కంటితో చేతితో తేల్చుకోగల గుర్తులు ఇవ్వాలి.

మొదటి గుర్తు సీలు. ఫ్యాక్టరీలో వేడితో అతికించిన అంచు మీద సన్నని గాట్లు ఒకే వరుసలో, చివరి నుంచి చివరి దాకా ఉంటాయి. ఎవరైనా విప్పి ఇస్త్రీపెట్టెతోనో కొవ్వొత్తితోనో మళ్లీ అతికిస్తే అక్కడ నున్నగా, ముడతలుగా ఉంటుంది, లేదా పాత గీత పక్కన రెండో గీత కనబడుతుంది. ఈ తేడాను మాటల్లో రాసి ఊరుకోకండి. ఒక మంచి ప్యాకెట్ అంచును, మీరే విప్పి మళ్లీ అతికించిన ఖాళీ ప్యాకెట్ అంచును కత్తిరించి, పక్కపక్కన అట్ట మీద అంటించి బల్ల దగ్గర వేలాడదీయండి. వేలితో తడిమి చూసినవాడికి అర నిమిషంలో తెలిసిపోతుంది.

రెండో గుర్తు తూకం. పత్తి హైబ్రిడ్ ప్యాకెట్లో ఉండవలసిన విత్తనం 475 గ్రాములు. కవరు బరువు కలిస్తే ఎంత ఉండాలో ఊహించి రాయకండి. గోదాంలో ఉన్న, బయటికి వెళ్లని ప్యాకెట్లు పది తీసి తూచండి. అన్నింటికన్నా తక్కువ ఎంత, ఎక్కువ ఎంత అన్నది చూసి ఆ రెండు అంకెలే పత్రంలో రాయండి. మేము తూచినప్పుడు 484 నుంచి 489 గ్రాముల మధ్య వచ్చాయి. కాబట్టి పత్రంలో "484 కన్నా తక్కువ, 489 కన్నా ఎక్కువ ఉంటే ఎరుపు చీటీ" అని ఉంది. కవరు మారినప్పుడు ఈ తూకం మళ్లీ వేయాలి. ఒక సీజన్‌లో కవరు మందం మారిందని గమనించక మంచి ప్యాకెట్లకు కూడా ఎరుపు చీటీలు పడ్డాయి.

మూడోది లేబుల్. ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేస్తారు. లేబుల్ మీద పరీక్ష తేదీ, చెల్లుబాటు తేదీ రెండూ ఒకదాని కింద ఒకటి చిన్న అక్షరాల్లో ఉంటాయి. చెల్లుబాటు తేదీ రాయమంటే పరీక్ష తేదీ రాసినవాళ్లను నేను చాలామందిని చూశాను. లేబుల్ ఫోటో తీసి, పెద్దదిగా ప్రింటు చేసి, చెల్లుబాటు తేదీ దగ్గరా లాట్ నంబరు దగ్గరా ఎర్ర బాణం గుర్తు వేయండి. లాట్ నంబర్లో సున్నా ఏదో, ఇంగ్లిషు అక్షరం ఏదో పోల్చుకోలేని చోట చూసి రాయమనకండి, ఫోటో తీసి పంపమనండి.

ఈ మూడు గుర్తులతో, వాసనతో, తడితో కలిపి సరుకు నాలుగు చోట్లకు వెళుతుంది.

ఆకుపచ్చ చీటీ: సీలు ఒక్కటే గీత, తూకం హద్దులో ఉంది, చెల్లుబాటు తేదీ దాటలేదు, లాట్ నంబరు మనం ఆ డీలర్‌కు పంపిన బిల్లులో ఉంది, తడి లేదు, వాసన లేదు. ఆరూ అవునైతేనే ఆకుపచ్చ.

పసుపు చీటీ: వాసన వచ్చినది, తడిసినది, మూల చినిగినది, ఎలుక కొరికినది.

నీలం చీటీ: చెల్లుబాటు తేదీ దాటినది.

ఎరుపు చీటీ: సీలు మీద అనుమానం, తూకం తేడా, లేదా ఆ డీలర్‌కు మనం పంపని లాట్ నంబరు.

ఒకే ప్యాకెట్‌కు రెండు చీటీలు వర్తిస్తే ఏది అంటించాలి? ఈ ప్రశ్న నాకు తట్టలేదు, ఒక కొత్త కుర్రాడు అడిగాడు. తడిసింది, సీలు మీదా అనుమానం ఉంది. ఇప్పుడు పత్రంలో ఒక వాక్యం ఉంది: "ఎరుపు గెలుస్తుంది. ఎరుపు లేకపోతే నీలం, నీలం లేకపోతే పసుపు." ఇలాంటి వరుస లేకపోతే ప్రతి మనిషీ తనకు తోచింది చేస్తాడు. నెల తర్వాత లెక్క తీస్తే ఎవరి ప్యాలెట్ వారిదవుతుంది.

ఆకుపచ్చ చీటీ పడిన ప్యాకెట్లు అమ్మదగినవని అనుకోకూడదని పత్రంలో పెద్ద అక్షరాల్లో రాయండి. గింజ బతికి ఉందో లేదో కంటికి తెలియదు. గింజలో తేమ ఒక్క శాతం పెరిగితే దాని ఆయుష్షు సగం తగ్గుతుందని విత్తన నిల్వలో ఒక మోటు లెక్క ఉంది. జూలై ముసురులో రేకుల దుకాణంలో నెల రోజులున్న ప్యాకెట్ పైకి కొత్తదానిలాగే ఉంటుంది. పత్తి హైబ్రిడ్‌కు కనీసం 75 శాతం మొలక ఉండాలి. అది తేల్చేది ల్యాబు. నాలుగు వందల గింజలను వందేసి చొప్పున నాలుగు భాగాలుగా పెట్టి, నాలుగో రోజు ఒకసారి, పన్నెండో రోజు మరోసారి మొలకలు లెక్కిస్తారు. కాబట్టి మా ఆకుపచ్చ చీటీ మీద "మంచిది" అని ఉండదు, "ల్యాబు పరీక్షకు" అని ఉంటుంది. ఆ రెండు మాటల వల్ల, డీలర్ ఎవరైనా అర్జెంటుగా పది ప్యాకెట్లు కావాలని వచ్చినా ఆ ప్యాలెట్ మీద ఎవరూ చేయి వేయరు.

ఒక బండి సంగతి

పత్రంలో నిజమైన బండి ఒకదాని లెక్కను మొదటి నుంచి చివరి దాకా చూపించండి. మేము దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక బండి లెక్క పెట్టాం. కొత్తవాళ్లు అన్నింటికన్నా ముందు చదివేది ఆ పేజీయే.

చలానా మీద 112 ప్యాకెట్లు అని ఉంది. మా పెట్టెకు 40 ప్యాకెట్లు. రెండు నిండు పెట్టెలు, 32 ప్యాకెట్లున్న తెరిచిన పెట్టె ఒకటి రావాలి. మూడు పెట్టెలూ వచ్చాయి. తెరిచిన పెట్టె లెక్కపెడితే 31 వచ్చింది. డీలర్ మనిషి లెక్కపెట్టినా 31. నిండు పెట్టెలు తెరిచి లెక్కపెడితే నలభైకి నలభై ఉన్నాయి. మొత్తం 111. రసీదు మీద 111 అని రాశారు, పక్కన "చలానా ప్రకారం 112, ఒకటి తక్కువ" అని రాసి ఇద్దరూ సంతకం చేశారు. చలానా మీది అంకెను కొట్టివేయలేదు, దిద్దలేదు. ఈ సంగతి పత్రంలో ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే కొత్తవాడు మర్యాదకు పోయి చలానాలోనే 112ను 111 చేస్తాడు. ఆ కాగితం తర్వాత ఎందుకూ పనికిరాదు.

వాసన లేదు. ఒక పెట్టె అడుగున అట్ట మెత్తగా ఉంది. దాని అడుగు వరుసలో 9 ప్యాకెట్ల కవర్ల మీద తడి మరకలున్నాయి. అవి పసుపు. లాట్ నంబర్లు చూస్తుంటే 6 ప్యాకెట్ల మీద ఉన్న లాట్ ఆ డీలర్ బిల్లులో లేదు. ఆ ఆరూ ఎరుపు. ఇంకో 4 ప్యాకెట్లకు సీలు దగ్గర రెండో గీత ఉంది. వాటిని తూస్తే రెండు హద్దులోనే ఉన్నాయి, రెండు 471, 473 గ్రాములు వచ్చాయి. ఇక్కడ కొత్తవాడికి సందేహం వస్తుంది: తూకం సరిపోయిన రెండింటినీ వదిలేయవచ్చా? వదలకూడదు. ఒక్క గుర్తు తప్పినా ఎరుపే. మిగిలిన 92 ప్యాకెట్లకు ఆకుపచ్చ.

చివర్లో కూడిక: 92, 9, 6, 4 కలిపితే 111. చేతి లెక్కతో సరిపోయింది. ఈ కూడిక సరిపోకుండా రసీదు ఇవ్వకూడదన్నది పత్రంలోని చివరి మెట్టు.

ఎక్కడ ఆగాలో రాయండి

ఆ ఆరు ప్యాకెట్ల మీది లాట్ ఎక్కడిది? డీలర్లు సీజన్‌లో ఒకరికొకరు సరుకు సర్దుకుంటారు, పక్క ఊరి దుకాణం నుంచి వచ్చి ఉండవచ్చు. నకిలీవి కూడా అయి ఉండవచ్చు. మన జిల్లాల్లో నకిలీ పత్తి విత్తనంతో మునిగిన రైతు కష్టం ఎవరికీ చెప్పనక్కరలేదు. వాపసు దారిలో నకిలీ ప్యాకెట్ ఒకటి మన గోదాంలోకి వచ్చి మంచివాటిలో కలిస్తే, వచ్చే సీజన్‌లో అది మన చేతి మీదుగానే చేనుకు వెళుతుంది.

ఆ ప్యాకెట్లు నకిలీవా కావా అని తేల్చే పని కొత్త మనిషిది కాదు. పత్రం అతనికి మూడు పనులే చెప్పాలి. ప్యాకెట్ ముందు, వెనుక, క్యూఆర్ కోడ్ ఫోటోలు తీసి సూపర్‌వైజర్‌కు పంపాలి. ప్యాకెట్లను తాళం వేసే అరలో పెట్టి, తాళం చెవి సూపర్‌వైజర్‌కు ఇవ్వాలి. రసీదు మీద "పరిశీలనలో ఉన్నవి" అని ఆ సంఖ్య విడిగా రాయాలి. డీలర్ మనిషి "ఇస్తావా, లేదా? నా ప్యాకెట్లు నాకిచ్చేయ్" అని గట్టిగా అడిగినా తిరిగి ఇవ్వకూడదు, వాదించకూడదు, నకిలీ అనే మాట నోటితో అనకూడదు. "అన్నా, వీటికి సార్ వస్తారు" అని చెప్పి సూపర్‌వైజర్‌కు ఫోన్ కలిపి ఇవ్వాలి.

సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తకపోతే? ప్రతి "ఫోన్ చేయి" పక్కన రెండో మనిషి ఎవరో ఉండాలి. ఆ ఇద్దరూ దొరకకపోతే సరుకు ఎక్కడ ఉంచాలో ఉండాలి. మా పత్రంలో దానికి సమాధానం ఎప్పుడూ ఒకటే: ఎరుపు అరలో, తాళం వేసి, రేపటిదాకా. సందేహం వచ్చినప్పుడు సరుకు ఎక్కడికీ కదలకుండా ఉండే చోటు ఒకటి ఉంటే కొత్తవాడు భయపడి తప్పు నిర్ణయం తీసుకోడు.

చినిగిన ప్యాకెట్లోంచి నేల మీద పడిన గింజల గురించి కూడా ఇక్కడే రాయాలి. వాటిని చీపురుతో కాకుండా చేటలోకి ఎత్తి, మూత ఉన్న డబ్బాలో వేసి, డబ్బా మీద పేరు రాయాలి. మందు పట్టిన గింజ పశువులకు గానీ, నూనె మిల్లుకు గానీ, బయట చెత్తలోకి గానీ వెళ్లకూడదు. ఊళ్లలో పత్తి గింజ అంటే పశువుల దాణా గుర్తొస్తుంది. హమాలీ ఒకరు మంచి మనసుతోనే గేదెకు పెడదామని మూట కట్టుకోబోయాడు, సమయానికి చూశాం. అందుకే ఆ మెట్టు కింద కారణం కూడా రాశాం: "ఈ గింజ తిన్న పశువు చనిపోవచ్చు." అన్ని మెట్లకూ కారణాలు రాయనక్కరలేదు. తప్పు చేయాలనిపించే చోట మాత్రం కారణం లేకపోతే నియమం నిలవదు.

నోరు మూసుకుని పరీక్షించండి

రాసింది పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒకటే దారి. వాపసు పని ఎన్నడూ చేయని మనిషికి పత్రం ఇచ్చి, ఒక బండి అప్పగించి, మీరు చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి. అడిగినా జవాబు చెప్పకూడదు. "పత్రంలో చూడు" అని కూడా అనకూడదు. అతను తప్పు చేయబోతుంటే, ప్రమాదమైతే తప్ప ఆపకూడదు. అతను ఆగిన చోటు, వెనక్కి పేజీ తిప్పిన చోటు, మీ ముఖం వైపు చూసిన చోటు మూడూ గుర్తు పెట్టుకోండి. ఆ చోట్లలో లోపం పత్రానిదే.

మా మొదటి పరీక్షలో కుర్రాడు ఏడు చోట్ల ఆగాడు. అందులో ఒకటి నన్ను ఆశ్చర్యపరిచింది. "డీలర్‌కు పంపిన బిల్లులో లాట్ చూడు" అని రాశాం, కానీ ఆ బిల్లు ఎక్కడ దొరుకుతుందో రాయలేదు. మాకు అది ఎంత అలవాటంటే, అది ఒక మెట్టు అన్న సంగతే తోచలేదు. ఇప్పుడు బండి వచ్చే ముందు రోజే ఆ డీలర్ బిల్లుల నకళ్లు బల్ల మీది ఫైల్లో ఉంచుతాం. ఏ రంగు ఫైలో కూడా పత్రంలో ఉంది. రెండో మనిషితో పరీక్షిస్తే మూడు చోట్ల ఆగాడు. మూడో మనిషి ఒక్కచోటే, తూకం యంత్రాన్ని సున్నాకు తేవడం దగ్గర. దాని మీద ఏ బటన్ నొక్కాలో ఫోటో చేర్చాం.

ముగ్గురితో పరీక్షిస్తే సరిపోతుందని నా అనుభవం. ఒకే మనిషితో మూడుసార్లు చేస్తే లాభం లేదు. రెండోసారికే అతను పత్రం చూడడం మానేసి జ్ఞాపకంతో చేస్తాడు.

పరీక్షకు ఎంచుకునే బండిలో తేడాలు ఉండేలా చూసుకోండి. లేకపోతే మీరే పెట్టండి: ఒక ప్యాకెట్ తక్కువ, ఒకటి తడిపినది, ఒకటి విప్పి అతికించినది. తేడా లేని బండితో పరీక్షిస్తే పత్రం ఎప్పుడూ గెలుస్తుంది.

కాగితం ఎక్కడ ఉండాలి, ఎవరు మార్చాలి

పత్రం ఆఫీసు బీరువాలో ఉంటే లేనట్టే. మా దగ్గర గేటు మెట్లు గేటు గదిలో, సీలు, తూకం, లేబుల్ పేజీలు బల్ల పైన, ఎరుపు అర నియమాలు ఆ అర తలుపు మీద ఉన్నాయి. అన్నీ ప్లాస్టిక్ కవర్లో, తడి చేత్తో తాకినా చెడిపోకుండా. బీహార్, ఒడిశా నుంచి వచ్చే హమాలీలకు తెలుగు చదవడం రాదు. వాళ్లకు పనికొచ్చేవి మూడో మెట్టూ, రంగుల చీటీలూ. అవి బొమ్మలతో వేరే అట్ట మీద వేశాం.

ప్రతి పేజీ కింద తేదీ, కూర్పు సంఖ్య, మార్చే అధికారం ఉన్న ఒక్క మనిషి హోదా ఉండాలి. ఎవరైనా పెన్నుతో పక్కన రాసుకున్న సవరణను వెంటనే ఆ మనిషికి చూపించాలి. అది సరైనదైతే కొత్త పేజీ వస్తుంది, లేకపోతే ఆ రాత చెరిపేస్తారు. మేము ఏటా ఏప్రిల్‌లో, ప్యాకెట్లు బయటికి వెళ్లే ముందే కొత్త కవరు తూకం వేసి, కొత్త లేబుల్ ఫోటో తీసి, పేజీలు మారుస్తాం. కొత్త పేజీ తగిలించిన మనిషే పాతది చింపి, ఆ ముక్కను సూపర్‌వైజర్‌కు అప్పగిస్తాడు. పాత తూకం హద్దు ఉన్న కాగితం ఒక్కటి గోడ మీద మిగిలినా ఆగస్టులో మంచి ప్యాకెట్లు ఎరుపు అరలోకి వెళతాయి, లేదా వెళ్లవలసినవి వెళ్లకుండా పోతాయి.